అమ్మమ్మ ఫొటోలో కాసులపేరు

అమ్మమ్మకు స్టూడియోలో తీయించిన కలర్ ఫొటో ఒకటే ఉంది. అది తీసిన రోజుల్లో ఆమె కాసులపేరు తాకట్టులో ఉందట. తర్వాత విడిపించారు, ఇప్పుడు పిన్ని దగ్గర ఉంది. సంవత్సరీకానికి ఫొటో పెద్దది చేయిస్తున్నాం కదా, ఆ పేరు మెడలో ఉన్నట్టు చేయగలవా అని అమ్మ అడిగింది.

పిన్ని మొదట పంపిన ఫొటో టవల్ మీద పరిచి ఫ్లాష్‌తో తీసింది. ప్రతి కాసు మధ్యలో తెల్లటి మెరుపు, ఎక్కడా నీడ లేదు. దాన్ని సరిచేయడం కన్నా మళ్లీ తీయించడమే తేలిక. అమ్మమ్మ ఫొటోలో ముక్కు నీడ మనకు కుడివైపు, కాస్త కిందికి పడింది. అంటే వెలుగు ఎడమవైపు పైనుంచి వస్తోంది. అందుకే పేరును గోడకు ఆనించిన దిండు మీద, మెడలో వేలాడినట్టే అమర్చి, ఎడమ పక్కన కిటికీ ఉండేలా చూడమన్నాను. ఫోన్‌ను దగ్గర పెట్టకుండా రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేయమన్నాను, ఎందుకంటే దగ్గర నుంచి తీస్తే అంచుల్లోని కాసులు సాగిపోతాయి. వెలుగు తప్పువైపు నుంచి వస్తే బొమ్మను అద్దంలోలా తిప్పేస్తే సరిపోదా అనుకోవచ్చు. కానీ అలా తిప్పితే కాసుల మీది లక్ష్మీదేవి అభయహస్తం ఎడమ చేయి అవుతుంది. మా అమ్మ కంటికి అది ఇట్టే దొరికిపోతుంది.

సైజు విషయంలో కంటి అంచనాను నమ్మలేదు. పేరు పక్కన పది రూపాయల బిళ్ల పెట్టించాను, దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. ఫొటోలో అది 324 పిక్సెళ్లు వచ్చింది, అంటే మిల్లీమీటరుకు 12. అమ్మమ్మ ఫొటోలో బిళ్ల లేదు కానీ కళ్లున్నాయి. పెద్దవాళ్ల కంటి నల్లగుడ్డు వెడల్పు మనిషి మనిషికీ పెద్దగా మారదు, దాదాపు 12 మిల్లీమీటర్లు. స్కాన్‌లో అది 36 పిక్సెళ్లు ఉంది, అంటే మిల్లీమీటరుకు 3. కాబట్టి పేరును నాలుగో వంతుకు, 25 శాతానికి తగ్గించాలి. ఛాతీ ముఖం కన్నా కాస్త ముందో వెనకో ఉంటుంది గనక కొద్దిపాటి తేడా తప్పదు. అలా పెట్టి చూస్తే కాసులు చిన్నవిగా అనిపించాయి, పెంచాలని చెయ్యి లాగింది కూడా. లెక్కనే నమ్మాను. పిన్ని పేరు వేసుకుని ఎక్కడిదాకా వస్తుందో చూసి చెప్పింది, ఫొటోలోనూ దాదాపు అక్కడికే వచ్చింది.

ఫొటోలు దిద్దే జింప్ సాఫ్ట్‌వేర్‌లో పేరును కత్తిరించి, భుజాల దగ్గర వంపు తిప్పి, పైట కిందికి వెళ్లే భాగాన్ని లేయర్ మాస్క్‌తో దాచాను. అసలు పని నీడది. రెడీమేడ్ డ్రాప్ షాడో అంతటా ఒకే దూరంలో, ఒకే మెత్తదనంతో పడుతుంది. ఫొటోకి స్టిక్కర్ అంటించినట్టు కనిపిస్తుంది. నిజంగా కాసు చీరకు తగిలే చోట నీడ సన్నగా, ముదురుగా ఉంటుంది. అంచు పైకి లేచిన చోట దూరం జరిగి పలచబడుతుంది. అందుకే రెండు లేయర్లు వేశాను, రెండూ కింది రంగును ముదురు చేసే Multiply మోడ్‌లో. మొదటిది కాసుల కిందే, రెండు పిక్సెళ్లు జరిపి, కొంచెమే బ్లర్ చేసినది. రెండోది, కాసు రెండు మూడు మిల్లీమీటర్లు పైకి ఉంటుందన్న లెక్కతో ఎనిమిది పిక్సెళ్లు కుడికీ కిందికీ జరిపి, బాగా బ్లర్ చేసి, పావు వంతు గాఢతతో. చీర మడత వచ్చిన చోటల్లా ఆ నీడను చేత్తో వంచాను. రంగు నలుపు పెట్టలేదు. చీర మీద చీర మడతల్లోని ముదురు ఆకుపచ్చ, మెడ మీద గడ్డం కింది నీడలోని గోధుమరంగు తీసుకున్నాను. పైట అంచు నీడ కూడా కాసుల మీద పడాలి. అది వేశాకే పేరు నిజంగా పైట కిందికి వెళ్లినట్టు కుదిరింది.

ఇంకా ఏదో తేడాగా ఉంది. అమ్మమ్మ నల్లపూసలు చూస్తే తెలిసింది. పాత ప్రింటు వెలిసిపోయి ఆ పూసలే ముదురు గోధుమరంగులోకి వచ్చాయి, కాసుల సందులు మాత్రం కారునలుపు. కొత్త వస్తువులో నలుపు నల్లపూసల కన్నా నల్లగా ఉండకూడదు కదా. Levels లో నలుపును ఆ మేరకు పైకి తెచ్చాను. బాగా తగ్గించిన బొమ్మ పదునెక్కుతుంది, అందుకని పూసల అంచులంత మెత్తబడేదాకా Gaussian Blur ఇచ్చి, పైన స్కాన్‌లో ఉన్నంత గ్రెయిన్, అంటే సన్నటి చుక్కలు చల్లాను.

ల్యాబ్‌లో పెద్దది వేయించే ముందు చిన్న సైజులో ఒక ప్రింటు తీయించాను. స్క్రీన్ మీద సరిగ్గా ఉన్న నీడలు కాగితం మీద ముదురుగా వచ్చాయి, మొదటి నీడ లేయర్‌ను కాస్త తగ్గించి పంపాను. ఫ్రేమ్ వెనక మాత్రం ‘కాసులపేరు తర్వాత చేర్చినది’ అని రాయించాను, లేకపోతే తాకట్టు కథ ఎవరూ నమ్మరు.