ప్లాస్మిడ్ ప్రయోగం: మూడో ఆదివారానికి కాలనీలు వచ్చాయి, నలభై గంటల తర్వాత చుట్టూ పిల్లలు కూడా వచ్చాయి

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పని నాది. రోజూ విబ్రియో బాక్టీరియాని పెంచే టీసీబీఎస్ ప్లేట్ల మీద కాలనీలు లెక్కపెడతాను, పసుపువి ఎన్ని, పచ్చవి ఎన్ని అని. అక్కడ ప్రతి చుక్కా లెక్కే. ఆ అలవాటుతో, బాక్టీరియాలోకి ప్లాస్మిడ్ ఎక్కించే ఈ ప్రయోగంలో ఎక్కడ పొరబడ్డానో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

డిగ్రీలో మాకు పాఠం చెప్పిన మేడం దగ్గర, వాళ్ల కాలేజీ ల్యాబ్‌లో, అనుమతి తీసుకుని ఆదివారాలు చేస్తున్నాను. ఇలాంటిది ఇంట్లో చేసే పని కాదు, చేయకూడదు కూడా. బాక్టీరియా ఈ.కోలై డీహెచ్5ఆల్ఫా, ప్లాస్మిడ్ పీయూసీ19. ఈ ప్లాస్మిడ్ 2,686 బేస్ జతల చిన్న గుండ్రటి డీఎన్ఏ. అందులో ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ని విరగ్గొట్టే బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ జన్యువు ఉంటుంది. ప్లాస్మిడ్ లోపలికి వెళ్లిన కణం ఆంపిసిలిన్ ప్లేట్ మీద బతుకుతుంది, వెళ్లనిది చస్తుంది.

పద్ధతి పాతదే. పెరుగుతున్న దశలో ఉన్న కణాల్ని చల్లటి 100 మిల్లీమోలార్ కాల్షియం క్లోరైడ్‌లో నానబెట్టాలి. అందులో 100 మైక్రోలీటర్లు తీసుకుని 10 నానోగ్రాముల డీఎన్ఏ కలిపి అరగంట ఐస్‌లో, తర్వాత 42 డిగ్రీల నీళ్లలో 60 సెకన్లు, మళ్లీ ఐస్‌లో రెండు నిమిషాలు. ఆపైన ఎల్‌బీ అనే పోషక ద్రవం 900 మైక్రోలీటర్లు పోసి 37 డిగ్రీల దగ్గర గంటసేపు కోలుకోనిచ్చి, 100 మైక్రోలీటర్లు ప్లేట్ మీద పరుస్తాం.

మొదటి ఆదివారం చేసినది సోమవారం చూస్తే ప్లేట్ నిండా పెరుగుదల, పాలమీగడ పరిచినట్టు. సంతోషంతో మేడంకి ఫోన్ చేశాను. "డీఎన్ఏ వేయని ప్లేట్ ఎలా ఉంది, అది చూశావా ముందు?" అన్నారు. చూస్తే అదీ అలాగే ఉంది. డీఎన్ఏ లేని కణాలు ఆంపిసిలిన్ మీద పెరిగాయంటే ఆ ప్లేట్‌లో ఆంపిసిలిన్ పని చేయట్లేదు, అంతే. కారణాలు రెండు కనిపించాయి. ఒకటి, ఆటోక్లేవ్‌లోంచి తీసిన అగార్, అంటే ప్లేట్లలో పోసే జెల్లీ, బాగా వేడిగా ఉండగానే మందు కలిపేశాను. రెండు, ఆ వారం కరెంటు కోతల్లో ఫ్రీజర్‌లోని చిక్కటి మందు స్టాక్ రెండుసార్లు కరిగింది. కొత్తగా మిల్లీలీటర్‌కి 100 మిల్లీగ్రాముల స్టాక్ కలిపాం. ఫ్లాస్క్ అడుగున అరచేయి ఆన్చి పట్టుకోగలిగినంత చల్లారాక, అంటే 50, 55 డిగ్రీలకు వచ్చాక, 200 మిల్లీలీటర్ల అగార్‌కి 200 మైక్రోలీటర్లు వేశాం. అది మిల్లీలీటర్‌కి 100 మైక్రోగ్రాములు అవుతుంది.

ఇంకో మాట, మన డెల్టా గాలిలో తేమకి ప్లేట్లు పోసిన రోజే వాడితే మూత లోపల నీళ్లు పట్టి కారి కాలనీలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఒక రాత్రి బోర్లించి ఆరనిచ్చి వాడుతున్నాను.

రెండో ఆదివారం దీనికి పూర్తి తలకిందులు, డీఎన్ఏ ప్లేట్ మీద ఒక్క కాలనీ లేదు. ఈసారి మాత్రం ముందు కంట్రోల్ ప్లేట్లే చూశాను. ఆంపిసిలిన్ లేని ప్లేట్ మీద కణాలు నిండుగా పెరిగాయి, కాబట్టి కణాలు బతికే ఉన్నాయి. డీఎన్ఏ వేయకుండా ఆంపిసిలిన్ మీద పరిచినవి సున్నా, కాబట్టి మందు పని చేస్తోంది. ఇక తప్పు మిగిలింది మధ్యలోనే, డీఎన్ఏ లోపలికి వెళ్లే చోట. వాటర్ బాత్ డిస్‌ప్లే 42 చూపిస్తోంది, విడిగా థర్మామీటర్ ముంచితే 38 దగ్గరే ఆగింది. ఐస్ సంగతీ తేలింది. రొయ్యలకి వాడే ఐస్ దిమ్మ పగలగొట్టి డబ్బాలో పోశాను కదా, ముక్కల మధ్య ఖాళీల్లో ట్యూబులు గాల్లో నిలబడి ఉన్నాయి. ఐస్‌ని మెత్తగా దంచి, కాస్త నీళ్లు పోసి జావలా చేస్తే ట్యూబు చుట్టూ చలి అంటుకుంటుంది. రెండూ ఒకేసారి సరిచేశాను కాబట్టి దేనివల్ల బాగుపడిందో విడదీసి చెప్పలేను.

మూడో ఆదివారం సాయంత్రం నాలుగింటికి ప్లేట్లు ఇన్‌క్యుబేటర్‌లో పెట్టాం. సోమవారం ఉదయం తొమ్మిదికి, అంటే 17 గంటలకి, 164 కాలనీలు! విడివిడిగా, గుండ్రంగా, మీగడ రంగులో. పదింతలు పలచన చేసి పరిచిన ప్లేట్ మీద 17. లెక్క ఇలా: 10 నానోగ్రాములు మొత్తం ఒక మిల్లీలీటర్‌లో ఉన్నాయి, అందులో పదో వంతు పరిచాం, కాబట్టి ప్లేట్ మీద పడినది ఒక నానోగ్రాము డీఎన్ఏ. ఒక నానోగ్రాముకి 164 అంటే మైక్రోగ్రాముకి 1,64,000. పలచన ప్లేట్ లెక్కలో 1,70,000 వచ్చింది. రెండూ దగ్గర దగ్గరగా ఉండటమే నాకు ఎక్కువ నమ్మకం ఇచ్చింది, లేకపోతే పలచన చేయడంలోనో పరచడంలోనో తేడా ఉన్నట్టు. చేత్తో చేసిన కాల్షియం క్లోరైడ్ కణాలకి ఈ సంఖ్య పర్వాలేదు అన్నారు మేడం.

అసలు విషయం మంగళవారం తెలిసింది. పలచన ప్లేట్‌ని ఫ్రిజ్‌లో పెట్టడం మర్చిపోయాను. 41 గంటలకి చూస్తే ప్రతి పెద్ద కాలనీ చుట్టూ ఇసుక రవ్వల్లాంటి చిన్న చిన్న కాలనీలు, కోడి చుట్టూ పిల్లల్లా. టీసీబీఎస్ అలవాటు కొద్దీ అన్నీ లెక్కపెట్టేసి దగ్గర దగ్గర 90 అని రాసేశాను. అది తప్పు. వీటిని శాటిలైట్ కాలనీలు అంటారు. పెద్ద కాలనీ నుంచి బీటా లాక్టమేజ్ బయటికి కారి చుట్టుపక్కల అగార్‌లోని ఆంపిసిలిన్‌ని తినేస్తుంది. ఆ మందు లేని వలయంలో, చావకుండా మిగిలిన ప్లాస్మిడ్ లేని కణాలు పెరగడం మొదలుపెడతాయి. అందుకే అవి పెద్దదాని చుట్టూనే ఉంటాయి, ఆలస్యంగా వస్తాయి, సైజు చిన్నది. ప్లేట్ అంతా చెదురుగా చిన్నవి ఉంటే అది వేరే సమస్య, మందు మోతాదే తక్కువైందేమో చూడాలి.

నాకు కళ్లతో చూడాలనిపించింది. కొత్త ప్లేట్ల అడుగున మార్కర్‌తో గళ్లు గీసి, స్టెరైల్ చేసిన టూత్‌పిక్‌తో నాలుగు పెద్దవి, ఐదు చిన్నవి తీసి, ఒక్కోదాన్ని మామూలు ఎల్‌బీ ప్లేట్ మీదా ఆంపిసిలిన్ మీదా గీశాను. మామూలు ప్లేట్ మీద తొమ్మిదీ పెరిగాయి. ఆంపిసిలిన్ మీద పెద్దవి నాలుగూ పెరిగాయి, చిన్నవాటిలో నాలుగు రాలేదు, ఒకటి వచ్చింది. ఆ ఒక్కటి పెద్ద కాలనీకి ఆనుకుని ఉన్నది, టూత్‌పిక్ దానికీ తగిలి ఉంటుంది. వలయం అంచున దూరంగా ఉన్నవాటిలోంచి ఇంకో రెండు తీసి చూస్తే రెండూ చచ్చాయి.

కాబట్టి ఇప్పుడు 16 నుంచి 18 గంటల్లోపే లెక్కపెట్టి, వెంటనే ఫ్రిజ్‌లో పెడుతున్నాను. ప్లాస్మిడ్ కోసం తీసేటప్పుడు చుట్టూ ఏమీ లేని మధ్యరకం కాలనీ తీస్తున్నాను. ఆంపిసిలిన్ బదులు కార్బెనిసిలిన్ వాడితే ఈ పిల్లలు తక్కువ వస్తాయి, అది అంత తొందరగా విరగదు, కానీ ధర ఎక్కువ.

వాడిన ప్లేట్లన్నీ 121 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు ఆటోక్లేవ్ చేశాకే బయట పడేస్తున్నాం. ఇక్కడ పారబోసిన నీళ్లు సాయంత్రానికల్లా ఏదో ఒక కాలవలోకి, అక్కణ్ణుంచి చెరువులోకి చేరతాయి.

వచ్చే ఆదివారం కానామైసిన్ అనే ఇంకో యాంటీబయాటిక్‌ని తట్టుకునే జన్యువున్న ప్లాస్మిడ్. ఆ మందుని అడ్డుకునే ఎంజైమ్ కణం లోపలే ఉండిపోతుంది కాబట్టి శాటిలైట్లు పెద్దగా రాకూడదు. అయితే అక్కడ గంటసేపు కోలుకోనివ్వడం తప్పనిసరి, ఆ ఎంజైమ్ తయారయ్యేలోపు ప్లేట్ మీద వేస్తే ప్లాస్మిడ్ ఉన్న కణం కూడా చస్తుంది. అందుకే ఒక ట్యూబుని గంట ఉంచి, ఇంకోదాన్ని ఉంచకుండా, పక్కపక్కనే పరిచి చూస్తాను.