28 కంటే 22 పెద్దగా కనిపించిన బొమ్మ: త్రీడీ పై చార్ట్‌ను స్కేలుతో కొలిచిన నా అనుభవం

హనుమకొండ దగ్గర ఒక రైతు ఉత్పత్తిదారుల సంఘంలో లెక్కలు చూస్తాను. పోయినసారి మహాసభకు ముందు, ఎకరం పత్తికి రైతు పెట్టే ఖర్చు ఎక్కడెక్కడ పోతుందో ఒకే బొమ్మలో చూపాలని కమిటీ అనుకుంది. మా సభ్యుల ఖాతాల నుంచి తీసి, లెక్కకు సులువుగా సర్దిన శాతాలు ఇవి: కూలీలు 28, విత్తనాలు 10, పురుగుమందులు 22, ఎరువులు 24, దుక్కి 16. స్లైడ్లు చేసే డీటీపీ షాపు నుంచి బొమ్మ వచ్చింది. గుండ్రాన్ని ఒక్కో ఖర్చుకు ఒక్కో ముక్కగా కోసి చూపే పై చార్ట్, అదీ పక్కకు వాల్చిన మందపాటి పళ్లెం లాంటి త్రీడీ బొమ్మగా, మెరుపులతో, నీడలతో.

కమిటీలో ఉన్న నర్సంపేట వైపు పెద్దాయన దాన్ని చూడగానే, "మందులకే ఎక్కువ పోతున్నట్టుంది గదా బిడ్డా, ముందు వాటి సంగతి చూద్దాం" అన్నారు. బొమ్మ మీద శాతాలు రాసే ఉన్నాయి. కానీ గదిలో వెనక కూర్చున్నవాళ్లకు కనిపించేది రంగు ముక్కలే. మందులు అందరం కలిసి టోకున కొనాలా, కలుపు తీసే యంత్రం అద్దెకు తెచ్చి కూలీ ఖర్చు తగ్గించాలా అన్నది ఆ సభలోనే తేలాలి. అందుకే నాకు టెన్షన్ పట్టుకుంది. పెద్దాయన చూపులో తప్పేమీ లేదు. బొమ్మ ఆయనకు చెప్పిందే ఆయన అన్నారు.

ఆ మాట ఎందుకు వచ్చిందో తేల్చుకోవాలని బొమ్మను ఏ4 కాగితం మీద అడ్డంగా ప్రింట్ తీసి స్కేలు పెట్టాను. అడ్డంగా 20 సెంటీమీటర్లు, నిలువుగా దాదాపు 10, కింద కనిపించే అంచు మందం సుమారు 3. గుండ్రంగా ఉండాల్సిన పై తలం కోడిగుడ్డులా అణిగిపోయింది. ఎక్సెల్‌లో త్రీడీ పై గీస్తే `3-D Rotation` దగ్గర `Y Rotation` మామూలుగా 30 డిగ్రీలు ఉంటుంది. అంటే పళ్లాన్ని తిన్నగా పైనుంచి కాక 30 డిగ్రీల ఎత్తు నుంచి చూస్తున్నట్టు. ఆ కోణంలో నిలువు కొలత సగానికి తగ్గుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. అణగడం వల్ల పై తలం మీది ముక్కల వైశాల్యాల నిష్పత్తి చెడదు. అన్ని ముక్కలూ ఒకేలా సగమవుతాయి కాబట్టి, మా బొమ్మలో కూలీల ముక్క పైభాగం 44 చదరపు సెంటీమీటర్లు, మందులది దాదాపు 35. ఇది 28కి 22 అన్న లెక్కే. చెడేవి వేరే రెండు.

ఒకటి, కోణం. పై చార్ట్‌లో ముక్కలు 12 గంటల స్థానం నుంచి గడియారం తిరిగే వైపుగా వరుసగా వస్తాయి. మొదట రాసిన కూలీలు వెనక కుడివైపుకు పోయాయి, మూడోదైన మందులు సరిగ్గా మన ముందుకు వచ్చాయి. నిజానికి మందుల ముక్క కోణం 79 డిగ్రీలు, కూలీలది 101. అణిగిన బొమ్మలో ముందున్న ముక్క విచ్చుకుని సుమారు 117 డిగ్రీలైంది. కూలీలది 95కి తగ్గింది. నిర్ణయం తలకిందులు కావడానికి ఇదొక్కటే చాలు.

రెండోది అంచు. పళ్లెం మందం ముందువైపే కనిపిస్తుంది, వెనకవైపు దాక్కుంటుంది. మందుల ముక్క కింద దాదాపు 12.7 సెంటీమీటర్ల వెడల్పున, 3 సెంటీమీటర్ల ఎత్తున అదే రంగు పూసి ఉంది. అంటే ఇంకో 38 చదరపు సెంటీమీటర్లు. ఆ 38కి ఏ లెక్కతోనూ సంబంధం లేదు, అది ఉత్త అలంకారం. కూలీల ముక్కకు అంచు ఒక చివర పిసరంత కనిపిస్తుంది, అంతే. కన్ను ఇది పైభాగం, ఇది అంచు అని విడదీసి చూడదు, రంగు మొత్తాన్ని కలిపి చూస్తుంది. అలా చూస్తే మందులు 73, ఎరువులు 50, కూలీలు 44.5. అన్నిటికన్నా పెద్ద ఖర్చు మూడో స్థానానికి దిగిపోయింది! వీటికి తోడు `Perspective` ఎక్కువ పెడితే దగ్గరి ముక్క ఇంకా ఉబ్బి, దూరపు ముక్క ఇంకా కుదించుకుపోతుంది.

ఈ లెక్కంతా కమిటీ ముందు చెప్తే ఎవరికీ ఎక్కదు. అందుకని కంప్యూటర్లోనే చూపించాను. అంకెలు ముట్టుకోకుండా `X Rotation` 180 చేస్తే పళ్లెం సగం చుట్టు తిరుగుతుంది. ఇప్పుడు కూలీలు ముందుకు, మందులు వెనక్కు. ఇందాక చిన్నగా ఉన్న కూలీల ముక్క మందులకు రెట్టింపు దాటి కనిపించింది. "అంకెలు మార్చినవా?" అని పెద్దాయన అడిగారు. లేదు పెద్దనాన్నా, తిప్పానంతే అని పట్టిక చూపించాను. అదే డేటాతో మామూలు పై గీసి తిప్పితే ముక్కల సైజు ఏ మాత్రం మారలేదు. బొమ్మను తిప్పితే అర్థం మారుతోందంటే ఆ బొమ్మను నమ్మకూడదని వేరే చెప్పాల్సిన పని లేకపోయింది.

అధ్యక్షుడు మాత్రం, పై వద్దు, త్రీడీ బార్లు పెడదాం, నిండుగా ఉంటాయి అన్నారు. వాటి బాధ వేరు. విలువలు చూపే అడ్డగీతలు బొమ్మలో వెనక గోడ మీద ఉంటాయి, బార్లు గోడకు కాస్త దూరంగా ముందు నిలబడతాయి. దాంతో 28 విలువ ఉన్న బార్ తల 28 దగ్గరి గీతకు కిందనే ఆగినట్టు కనిపిస్తుంది. చదవాల్సింది బార్ ముందు అంచునా, వెనక అంచునా అన్నది కూడా చూసేవాళ్లకు తెలియదు. `Gap Depth` సున్నా చేస్తే ఆ తేడా తగ్గుతుంది, పూర్తిగా పోదు.

చివరికి `Change Chart Type`లో మామూలు అడ్డ బార్లు ఎంచుకున్నాను. చదును పై కూడా పెట్టొచ్చు. కానీ 22కూ 24కూ తేడా కోణంలో పట్టుకోవడం కష్టం. ఒకే గీత నుంచి మొదలయ్యే బార్లలో అయితే ఏది పొడుగో వెంటనే తెలుస్తుంది. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే గణాంక శాస్త్రవేత్తలు మనుషులతో పరీక్ష చేసి చూసినప్పుడు కూడా కోణాల కంటే ఒకే స్కేలు మీది స్థానాలనే జనం బాగా సరిగ్గా అంచనా వేశారు.

చదునుగా గీసినంత మాత్రాన అంతా సరైపోదు. విలువలు ఒకదానికొకటి దగ్గరగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే అక్షాన్ని సున్నా నుంచి కాక పైనుంచి మొదలుపెడుతుంది. అప్పుడు చిన్న తేడా కొండంత అవుతుంది. అందుకే `Minimum` దగ్గర 0 అని నేనే రాస్తాను. పట్టికను పెద్దది నుంచి చిన్నదానికి సర్దితే అడ్డ బార్లలో మొదటిది అడుగున వస్తుంది. `Categories in reverse order` టిక్ పెడితే కూలీలు పైకొచ్చాయి. ప్రతి బార్ చివర శాతం రాసి, గీతలు తీసేశాను. కూలీల బార్‌కు ముదురు రంగు, మిగతా వాటికి లేత బూడిద.

సభలో చర్చ కలుపు యంత్రం అద్దె మీదికి వెళ్లింది. మందుల టోకు కొనుగోలు రెండో అంశమైంది. రాలేని సభ్యులకు అదే పేజీని నలుపు తెలుపు జిరాక్స్ తీసి పంపాం. రంగులు పోయినా బార్ల పొడవులు, పేర్లు, శాతాలు అలాగే ఉన్నాయి, ఎవరూ ఫోన్ చేసి ఏ ముక్క ఏదని అడగలేదు.