అతుకు దగ్గర రెండుసార్లు పడే హాజరు

రాయగడ, గుణుపురం వైపు సైట్లకు పనికి వెళ్లిన మనవాళ్లలో కొందరికి రోజువారీ హాజరు వాట్సాప్ గ్రూపులోనే పడుతుంది. నెలాఖరున ఎవరో ఒకరు తెర జరుపుకుంటూ నాలుగైదు స్క్రీన్‌షాట్లు తీసి, ఒకదాని కింద ఒకటి అతికించి పంపుతారు. దాన్ని పుస్తకంలోకి ఎక్కించేటప్పుడే లెక్క తేడా వస్తుంది. ముందుగా ఆ బొమ్మను ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమనండి. ఫొటోగా పంపితే సైజు తగ్గి, అంత పొడుగు బొమ్మలో అంకెలు అలుక్కుపోతాయి.

రాయడం మొదలుపెట్టకముందే అతుకులెక్కడున్నాయో చూసుకోవాలి. మెసేజ్ టైపు చేసే పట్టీ గానీ, ఫోను గడియారం గానీ బొమ్మ మధ్యలో కనిపిస్తే అది అతుకే. వాటిని కత్తిరించేసి ఉంటే, సగానికి తెగిన వరస కోసం వెతకండి. తెగిన వరసను నమ్మొద్దు. పై సగం తెగితే 8, 6 ఒకేలా కనిపిస్తాయి, కింద తెగితే ఒత్తులు పోతాయి. అదే వరస అతుకుకు అవతలి ముక్కలో నిండుగా ఉంటే, అక్కడ చూసి రాయాలి.

ఒక లెక్క చూద్దాం. మొదటి ముక్క చివర 12, 13, 14 తేదీలున్నాయి. రెండో ముక్క 13, 14తో మొదలై 15కి వెళ్తుంది. 13న ఫుల్ హాజరు, ఓటీ 3 గంటలు. 14న సగం రోజు. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే 25న్నర హాజర్లు, 34 గంటల ఓటీ తేలింది. మేస్త్రి చెప్పింది 24, 31. తేడా ఒకటిన్నర హాజరు, 3 గంటలు. సరిగ్గా ఆ రెండు వరసలే. గొడవకు దిగేముందు ఇలా ఒక్కసారి తీసి చూడండి.

అలాగని రెండుసార్లు కనబడినదల్లా కొట్టేస్తే కూలి పోతుంది. అదే నెల 20న ‘ఓటీ 2’ అని రెండుసార్లుంది. ఒకటి 7:10కి, ఇంకోటి 9:40కి. స్లాబ్ పోసిన రోజు అలాగే ఉంటుంది, రెండూ లెక్కలోకి రావాలి. అతుకు దగ్గరి వరసలైతే మాటతోపాటు టైమూ అదే ఉంటుంది, వెనక వరస కూడా అదే క్రమంలో మళ్లీ వస్తుంది. టైము కూడా ఒకటే అయ్యి, అతుకుకు దూరంగా, పక్కపక్కనే ఉంటే సిగ్నల్ లేక రెండుసార్లు పంపారేమో. దాన్ని మేస్త్రినే అడగాలి.

నిజానికి వరసలు తిరిగి వచ్చిన అతుకే మంచిది, మధ్యలో ఏదీ పోలేదని అదే చెబుతుంది. ఒక్క వరసా తిరిగి రాని అతుకు దగ్గర తేదీలు వరసగా ఉన్నాయో లేదో చూడండి. 17 తర్వాత 19 వస్తే, సెలవు పెట్టాడని రాసేయకుండా గ్రూపు తెరిచి 18 చూపించమనండి.