గేట్ ప్రిపరేషన్: n/2^n సిరీస్‌ని జనరేటింగ్ ఫంక్షన్‌తో కూడటం

గేట్ సీఎస్ చదివేవాళ్ళకి 1/2 + 2/4 + 3/8 + 4/16 + ... అనే సిరీస్ డిస్క్రీట్ మ్యాథ్స్‌లో మాత్రమే కాదు, ఇంకా రెండు చోట్ల వేషం మార్చుకుని ఎదురవుతుంది. బొమ్మ పడేదాకా నాణెం ఎగరేస్తే సగటున ఎన్నిసార్లు ఎగరేయాలి అని ప్రాబబిలిటీలో అడిగితే లెక్క ఇదే. బిల్డ్ హీప్‌కి O(n log n) కాకుండా O(n) ఎందుకు సరిపోతుంది అంటే, దాని వెనకా ఇదే సిరీస్. జవాబు 2. కలనగణితం పుట్టక ముందే, 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కి చెందిన నికోల్ ఒరెమ్ దీన్ని బొమ్మ గీసి చూపించాడు.

ఇంటర్‌లో మనందరికీ నేర్పింది ఏజీపీ పద్ధతి. మొత్తాన్ని S అనుకుని, S/2 ని ఒక స్థానం జరిపి కింద రాసి తీసేస్తే 1/2 + 1/4 + 1/8 + ... మిగులుతుంది. అది 1, కాబట్టి S = 2. పద్ధతి బాగానే ఉంది, ఈ ఒక్క లెక్కకైతే నేను ఇప్పటికీ అదే వాడతాను. పైన n బదులు n² వస్తే మాత్రం రెండుసార్లు జరిపి తీసేయాలి, n³ వస్తే మూడుసార్లు. అందుకే ఇలాంటివాటికి జనరేటింగ్ ఫంక్షన్‌కి, అంటే మనకు కావలసిన సంఖ్యల్ని x ఘాతాలకి గుణకాలుగా పెట్టి రాసే ఫంక్షన్‌కి మారాను.

మొదలు మనకు తెలిసిన జీపీయే.

```
1 + x + x² + x³ + ... = 1/(1-x),   |x| < 1
```

ఇక్కడ x ని ఇంకా 1/2 చేయకూడదు. అది వేరియబుల్‌గా ఉంటేనే డిఫరెన్షియేట్ చేయగలం. రెండు వైపులా డిఫరెన్షియేట్ చేస్తే ప్రతి పదంలో ఘాతంగా ఉన్న n కిందికి దిగి గుణకం అవుతుంది. మనకు కావలసిన n అలా దొరికింది. కానీ x ఘాతం ఒకటి తగ్గి n-1 అయింది. దాన్ని సరిచేయడానికి మొత్తాన్ని x తో గుణించాలి.

```
Σ n xⁿ = x/(1-x)²
```

ఇప్పుడు x = 1/2 పెడితే పైన 1/2, కింద 1/4, జవాబు 2.

గుణించే ఈ చిన్న పని మర్చిపోతే ఏమవుతుందో చూడండి. Σ n/2^(n-1) వస్తుంది, దాని విలువ 4. ఎంసీక్యూ ఆప్షన్లలో 2, 4 రెండూ ఉంటే అక్కడే మార్కు పోతుంది. నేను మొదటి ఐదు పదాలు కూడి చూసుకుంటాను: 0.5, 1, 1.375, 1.625, 1.78125. పెరుగుదల ప్రతిసారీ తగ్గుతోంది, 4 దాకా పోయే దారి లేదని తెలిసిపోతుంది. N పదాల దాకా మొత్తానికి కచ్చితమైన సూత్రం కూడా ఉంది: 2 - (N+2)/2^N. ఐదు పదాలకి 2 - 7/32, అంటే 1.78125. ఆప్షన్లు లేని న్యూమరికల్ ప్రశ్నల్లో ఈ చెక్ ఇంకా అవసరం.

"డిఫరెన్షియేట్ చెయ్యి, x తో గుణించు" అన్న జంట పనిని ఒకే అడుగుగా మనసులో పెట్టుకోండి. n² కావాలంటే అదే అడుగు x/(1-x)² మీద మరోసారి వేయాలి.

```
Σ n² xⁿ = x(1+x)/(1-x)³
```

x = 1/2 దగ్గర పైన 3/4, కింద 1/8, జవాబు 6. మధ్యలో గుణించకుండా వరసగా రెండుసార్లు డిఫరెన్షియేట్ చేస్తే వచ్చేది n² కాదు, n(n-1). అదీ పనికొస్తుంది, కానీ అప్పుడు n² = n(n-1) + n అని విడగొట్టుకోవాలి. నాణెం లెక్కలో ఈ 6 వెంటనే ఉపయోగపడుతుంది: సగటు 2, n² సగటు 6, కాబట్టి వేరియన్స్ 6 - 4 = 2. జియోమెట్రిక్ డిస్ట్రిబ్యూషన్ సూత్రం (1-p)/p² లో p = 1/2 పెట్టినా 2 వస్తుంది.

కొంచెం కలిపి అడిగే ప్రశ్న ఒకటి చేద్దాం: n = 1 నుంచి (n² + 3n + 1)/3^n మొత్తం ఎంత? x = 1/3. ముందు సున్నా నుంచి లెక్కేస్తాను, ఎందుకంటే సూత్రాలు అక్కడి నుంచే మొదలవుతాయి. Σ xⁿ = 3/2. Σ n xⁿ అంటే 1/3 ని 4/9 తో భాగిస్తే 3/4. Σ n² xⁿ అంటే 4/9 ని 8/27 తో భాగిస్తే 3/2. మొత్తం 3/2 + 9/4 + 3/2 = 21/4. ప్రశ్న n = 1 నుంచి అడిగింది కాబట్టి n = 0 పదం విలువ 1 తీసేయాలి: 17/4. n, n² లకి సున్నా దగ్గర పదం సున్నాయే కనుక ఎక్కడ మొదలుపెట్టినా తేడా రాదు. ఆ అలవాటులో చివర ఉన్న ఒంటరి 1 ని పట్టించుకోకపోతే 21/4 రాసేస్తాం.

బిల్డ్ హీప్ సంగతి ఇప్పుడు రెండు వాక్యాల్లో తేలిపోతుంది. హీప్‌లో h ఎత్తున సుమారు n/2^(h+1) నోడ్‌లుంటాయి, ఒక్కోదాన్ని కిందికి దించడానికి ఎక్కువలో ఎక్కువ h అడుగులు పడతాయి. మొత్తం పని n/2 × Σ h/2^h, అంటే n/2 × 2, సుమారు n అడుగులు.

ఇక అందరూ దాటేసే |x| < 1 షరతు. x/(1-x)² లో x = 2 పెట్టి చూడండి: 2/1 = 2. అంటే 2 + 8 + 24 + 64 + ... మొత్తం 2 అని సూత్రం చెబుతోంది! x బదులు 1/x పెట్టినా ఈ సూత్రం మారదు, అందుకే తప్పు చోట కూడా నమ్మేలా ఉన్న జవాబు ఇస్తుంది. సిరీస్ కన్వర్జ్ అవుతుందా అని మనమే విడిగా చూసుకోవాలి.

డిఫరెన్షియేషన్ అక్కర్లేని చోట కూడా జనరేటింగ్ ఫంక్షన్ పనిచేస్తుంది. ఫిబొనాచీ సంఖ్యలు 1, 1, 2, 3, 5, ... తీసుకుని 1/2 + 1/4 + 2/8 + 3/16 + 5/32 + ... కూడాలంటే ఏజీపీ అని పేరు పెట్టడానికే వీల్లేదు. G అనే ఫంక్షన్‌లో Fₙ ని xⁿ కి కోఎఫిషియెంట్‌గా పెట్టి, రికరెన్స్ వాడితే G - xG - x²G లో x తప్ప అన్నీ రద్దవుతాయి.

```
Σ Fₙ xⁿ = x/(1-x-x²)
```

x = 1/2 దగ్గర పైన 1/2, కింద 1/4, మళ్ళీ 2. కానీ ఇక్కడ హద్దు 1 కాదు. హారం సున్నా అయ్యే చోటు, అంటే సుమారు 0.618. 1/2 దాని లోపలే ఉంది కాబట్టి జవాబు సరైనదే. |x| < 1 చాలనుకుని x = 2/3 పెడితే 2/3 ని -1/9 తో భాగించాలి, -6 వస్తుంది. అన్నీ పాజిటివ్ పదాలే కూడుతున్నాం కాబట్టి ఈసారి తప్పు పైకే కనిపిస్తుంది.