కొత్తవాడ నుంచి హాంబర్గ్‌కు: సరుకు ఎక్కడ చేతులు మారాలి?

కొత్తవాడలో మా బాబాయి దర్రీల యూనిట్‌కు లెక్కలు, ఎగుమతి పత్రాలు చూసేది నేనే. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేరుగా విదేశీ దుకాణానికి అమ్మే అవకాశం మాత్రం మాకు ఆలస్యంగా దక్కింది. జర్మనీలోని హాంబర్గ్ నుంచి ఒక కొనుగోలుదారు మూడు వందల దర్రీలకు ధర అడుగుతూ, షరతు దగ్గర ‘ఎక్స్ వర్క్స్, వరంగల్’ అని రాశారు. బాబాయికి అది ఎంతో నచ్చింది. సరుకు మన గుమ్మం దగ్గర సిద్ధంగా పెడితే చాలు, లారీ, ఓడ, ఖర్చు అంతా వాళ్లదే.

ఈ షరతులను అంతర్జాతీయ వాణిజ్య మండలి రూపొందిస్తుంది. వీటిని ఇన్‌కోటెర్మ్స్ అంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్న 2020 కూర్పులో పదకొండు షరతులున్నాయి. ఏ ఖర్చు ఎవరిది, సరుకు పాడైతే నష్టం ఎవరిది, ఏ పత్రం ఎవరు తేవాలి అన్నవి ఒక్కో షరతు ఒక్కో రకంగా పంచుతుంది. ఆ పంపకాన్ని పట్టుకుని ఎక్స్ వర్క్స్‌ను చదివితే అది మాకు తేలిక కాదని నాకు అర్థమైంది.

మొదటి చిక్కు కస్టమ్స్. ఎక్స్ వర్క్స్‌లో ఎగుమతి అనుమతి కొనుగోలుదారు బాధ్యత. కానీ షిప్పింగ్ బిల్లు దాఖలు చేయాలంటే ఎగుమతి, దిగుమతుల కోడ్ కావాలి. అది జర్మనీ దుకాణదారుకు ఎక్కడిది? ఆచరణలో ఆ బిల్లు మా పేరు మీదే దాఖలవుతుంది. కాగితం మీద పని వాళ్లది, కస్టమ్స్ ముందు జవాబుదారీ మేము.

రెండోది జీఎస్‌టీ. మేము పన్ను ముందుగా కట్టకుండా, హామీపత్రం ఇచ్చి ఎగుమతి చేస్తాం. ఇన్‌వాయిస్ తేదీ నుంచి మూడు నెలల్లో సరుకు దేశం దాటకపోతే పన్ను, దాని మీద వడ్డీ మేము కట్టాలి. గడువు మాకు, లారీ ఎప్పుడు పంపాలో నిర్ణయం వాళ్లకు! ఇలాంటి ఏర్పాటుకు ఒప్పుకోకూడదని నేను బాబాయికి గట్టిగానే చెప్పాను.

మూడోది బేళ్లను లారీకి ఎక్కించడం. ఎక్స్ వర్క్స్‌లో ఆ పని అమ్మేవాడిది కాదు. కానీ మా సందులోకి వచ్చిన లారీలో బేళ్లు పెట్టేది మా హమాలీలే తప్ప జర్మనీ నుంచి ఎవరూ రారు. పాలిథిన్ చుట్టి గోనెగుడ్డతో కుట్టిన బేలు వానలో కింద పడి, కుట్టు విడి, నీరు లోపలికి దిగిందనుకోండి. షరతు ప్రకారం నష్టం వాళ్లది, కింద పడేసింది మన మనుషులు. ఆ తగాదా తెగదు.

హైదరాబాద్‌లోని మా కస్టమ్స్ ఏజెంటుకు ఇదంతా ఫోనులో చెబితే, “ఎఫ్‌సీఏ అడగండి సార్. ఎగుమతి అనుమతి ఎలాగూ మీరే తెస్తారు, అదే రాసుకోండి” అన్నారు. ఎఫ్‌సీఏ, అంటే ‘ఫ్రీ క్యారియర్’ షరతులో ఎగుమతి కస్టమ్స్ అమ్మేవాడిదే. సరుకు అప్పగించే చోటును మాత్రం స్పష్టంగా రాయాలి. మా గోదాము అని రాస్తే, వాళ్ల లారీలోకి మేము ఎక్కించగానే నష్టభయం వాళ్లకు మారుతుంది. మరో చోటు రాస్తే, అక్కడికి మా వాహనం చేరి, దించడానికి సిద్ధంగా సరుకును వాళ్ల రవాణాదారుకు అప్పగించినప్పుడు మారుతుంది, దింపుడు వాళ్లది. మేము సనత్‌నగర్ ఇన్‌ల్యాండ్ కంటైనర్ డిపో అని రాశాం. సరుకు విలువ ఆరు లక్షల రూపాయలు. లారీకీ కస్టమ్స్ పనికీ ఇరవై రెండు వేలు కలిపి 6,22,000 అన్నాం, వాళ్లు ఒప్పుకున్నారు.

అప్పుడు బాబాయి అడిగిన ప్రశ్నకే నాకు ఎక్కువ సమయం పట్టింది. “సొమ్ము పూర్తిగా చేతికి వచ్చేదాకా సరుకు మనదే కదరా?”

ఇన్‌కోటెర్మ్స్ దీనికి జవాబు ఇవ్వవు. యాజమాన్యం ఎప్పుడు మారుతుందో పదకొండింటిలో ఏ షరతూ చెప్పదు. మన 1930 నాటి వస్తు విక్రయ చట్టం ప్రకారం, నిర్దిష్టంగా కేటాయించిన సరుకు మీద హక్కు ఇరుపక్షాలు ఎప్పుడు మారాలనుకుంటే అప్పుడే మారుతుంది. ఏమీ రాసుకోకపోతే ఆ ఉద్దేశం ఏమిటో పరిస్థితులను బట్టి తేల్చాలి. వేరే ఒప్పందం లేనప్పుడు నష్టభయం కూడా యాజమాన్యం వెంటే పోతుందని అదే చట్టం 26వ సెక్షన్ అంటుంది. అందుకే ఒప్పందంలో రెండింటినీ విడదీశాం. నష్టభయం డిపోలో అప్పగించినప్పుడు మారుతుంది, యాజమాన్యం మొత్తం సొమ్ము ముట్టాకే మారుతుంది, ఒప్పందానికి భారత చట్టం వర్తిస్తుంది. అవతలివాళ్లు అభ్యంతరం చెప్పలేదు. సొమ్ము ముట్టేదాకా హక్కు అట్టిపెట్టుకోవడం జర్మన్ చట్టంలోనూ ఉన్న పద్ధతే.

హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు, సరుకు మీద పట్టు కూడా ఉండాలి. చెల్లింపు ముప్పై శాతం ముందుగా, మిగిలింది ఓడ రసీదు నకలు పంపాక. ఆ రసీదునే బిల్ ఆఫ్ లేడింగ్ అంటారు. దాని అసలు ప్రతి మా దగ్గర ఉంటేనే సరుకు మీద పట్టు మాది. ఎఫ్‌సీఏలో రవాణాదారును పెట్టుకునేది కొనుగోలుదారు కాబట్టి, ఆ రసీదు మా చేతికి రావాలన్న నియమం దానంతట అది లేదు. 2020 కూర్పులో దీనికి ఒక వెసులుబాటు ఇచ్చారు. సరుకు ఓడ ఎక్కినట్టు రసీదును అమ్మేవాడికి ఇవ్వమని కొనుగోలుదారు తన రవాణాదారుకు సూచించేలా ముందే ఒప్పుకోవచ్చు. ఆ మాట రాయించాం. అసలు రసీదు మా బీరువాలోనే ఉంచుకుని, డెబ్బై శాతం వచ్చాకే హాంబర్గ్‌కు కొరియర్ చేశాం.

రెండో ఆర్డరుకు వాళ్లు ‘డెలివర్డ్ ఎట్ ప్లేస్’, అంటే డీఏపీ అడిగారు. హాంబర్గ్‌లో వాళ్ల గోదాము ముందు లారీ ఆగేదాకా ఖర్చూ నష్టభయమూ మావి. దింపుడు, దిగుమతి కస్టమ్స్, సుంకం వాళ్లవి. డీఏపీలో బీమా తప్పనిసరి కాదు కానీ, అంత దూరం నష్టభయం మోసేది మేమే కాబట్టి గోదాము నుంచి గోదాము దాకా పాలసీ తీసుకున్నాం. ధరలో ఓడ కిరాయితో పాటు అవతలి రేవు ఛార్జీలు, అక్కడి లారీ బాడుగ కూడా కలపాలి. చిన్న సరుకుకు అవతలి రేవు ఛార్జీలే భారంగా ఉంటాయి. అందుకే ఫ్రైట్ ఫార్వర్డర్ దగ్గర ఆ అంకెలు విడివిడిగా రాయించుకున్నాను. దింపుడు కూడా ఆ కిరాయిలో కలిసిపోతే, ముందుగా మాట్లాడుకోకుండా దాన్ని కొనుగోలుదారు దగ్గర వసూలు చేసుకోలేం. దాన్ని తీసివేయించాను.

సరుకు రేవు చేరాక ఆగిపోయింది. దిగుమతి చేసే వాళ్ల కస్టమ్స్ ఏజెంటుకు ఇవ్వాల్సిన అధికారపత్రాన్ని కొనుగోలుదారు ఇవ్వలేదు. నిల్వ ఛార్జీలు రోజురోజుకూ పెరిగాయి. సరుకు రవాణా మా ఖాతాలో నడుస్తోంది కాబట్టి బిల్లు మాకే వచ్చింది. డీఏపీలో కొనుగోలుదారు దిగుమతి అనుమతి తేకపోతే దానివల్ల కలిగే అదనపు ఖర్చు ఆయనదే. ఆ సమయంలో సరుకు పాడైనా నష్టం ఆయనదే, కాకపోతే ఆ సరుకు ఈ ఒప్పందానిదేనని గుర్తుపట్టేలా ఉండాలి. మా బేళ్ల మీద ఆర్డరు సంఖ్య, వరుస సంఖ్య నల్లరంగుతో రాసి ఉన్నాయి, ప్యాకింగ్ జాబితాలోనూ అవే ఉన్నాయి. సరుకు చేరిన సమాచారం, అధికారపత్రం కోరుతూ ఏజెంటు రాసిన లేఖ తేదీలతో సహా పంపాను. కొనుగోలుదారు వాదించకుండా నిల్వ ఛార్జీలు ఫార్వర్డర్‌కు కట్టేశారు.

ఇప్పుడు డీఏపీ అడిగినవాళ్లకు ధరతో పాటు ఒక వాక్యం జోడిస్తున్నాను: సరుకు పంపకముందే కస్టమ్స్ ఏజెంటు పేరు, అధికారపత్రం ఇచ్చినట్టు ధ్రువీకరణ మాకు పంపాలి. అది వచ్చాకే ఓడలో చోటు బుక్ చేస్తున్నాం.