ఆర్కే బీచ్‌లో చూసిన అద్దం మీది అక్షరాలు

పోయిన నెల రాజమండ్రి నుంచి విశాఖ వెళ్లగానే మావయ్య నన్ను ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాడు. కురుసురా సబ్‌మెరైన్‌లోంచి వంగి వంగి బయటపడ్డాక, ముంత మసాలా పట్టుకుని గట్టు మీద కూర్చున్నాం. మావయ్య సరుకు ఓడల్లో ఇంజిన్ రూమ్‌లో పనిచేసి రిటైరయ్యాడు. ఫోన్లో పాత ఫోటోలకు లెక్కలేదు. ఒక షాపు అద్దం మీది రెండు పదాలు చూపించి, "ఇదేటో చెప్పగలవా అల్లుడూ? బర్మా అనుకుంటాను. అచ్చం మన అక్షరాల్లాగే గుండ్రంగా ఉన్నాయి" అన్నాడు.

లిపుల పిచ్చి నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. గుండ్రం ఒక్కటే చూస్తే మోసపోతాం. బర్మా లిపిలో అక్షరాలకు పూర్తి సున్నాలే ఆధారం. పైన, కింద గుర్తులు వస్తాయి, మన విసర్గ లాంటి రెండు చుక్కలు తరచూ కనిపిస్తాయి, పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. ఈ ఫోటోలో ఒక్క చుక్క లేదు. ఒత్తు లేదు, గుణింతం గుర్తు లేదు. రెండు పదాల మధ్య ఖాళీ స్పష్టంగా ఉంది. కొన్ని అక్షరాలు పొట్టివి, కొన్ని పైకి లేచినవి, కొన్ని కిందికి దిగినవి, మనం చిన్నప్పుడు నాలుగు గీతల కాపీలో ఇంగ్లీషు రాసినట్టు.

"జార్జియా లిపి" అన్నాను ధీమాగా. ఫోన్లో జార్జియన్ అక్షరాల పట్టిక తెరిచి పోలిస్తే సగం కలవలేదు. పరువు పోయేలా ఉంది. ముంత మసాలా కూడా మెత్తబడిపోయింది.

అప్పుడు మూలన చిన్న అంకెలు కనిపించాయి. 24 అని ఉండాల్సింది అద్దంలో చూసినట్టు కుడి ఎడమలు తిరగబడి ఉంది.

"మావయ్యా, ఇది షాపు లోపల నుంచి తీశావా?"

"అవున్రా, బయట వాన."

అదీ సంగతి. అద్దం అవతలి వైపు నుంచి తీస్తే అక్షరాలు తారుమారవుతాయి. కానీ ఖాళీలు, ఎత్తులు, చుక్కలు లేకపోవడం మారవు. అందుకే లిపి దొరికింది, అక్షరం దొరకలేదు.

ఫోటోను కుడి ఎడమలు మారేలా తిప్పాను. ఇందాక రెండు పదాలకూ మొదట ఉన్న, బోర్లించిన గిన్నెలాంటి అక్షరం ఇప్పుడు చివరికి వెళ్లింది. అది 'ఇ'. జార్జియన్‌లో నామవాచకాలు మామూలు రూపంలో చాలావరకు దానితోనే ముగుస్తాయి కాబట్టి బోర్డుల మీద పదే పదే చివర కనిపిస్తుంది. ఎడమ నుంచి కుడికే చదువుతున్నామని దాన్నిబట్టి నమ్మకం కుదిరింది. రెండో పదాన్ని ఒక్కో అక్షరమే పట్టికతో కలిపాను: పైకి లేచినది 'ప', కిందికి దిగినది 'ఉ', తర్వాత 'ర', చివర గిన్నె 'ఇ'.

"పురి."

"పూరీయా!"

"కాదు, రొట్టె. మొదటి పదం 'త్స్ఖేలి', అంటే వేడివేడిది."

మావయ్య నుదురు కొట్టుకున్నాడు. "జార్జియాలో బతూమి రేవు! వానలో తడిసి ఆ రొట్టెల కొట్లోకే దూరాం. మట్టి పొయ్యి గోడకి అంటించి కాలుస్తాడు."