కొత్త పొడి, పాత కొలత

బుధవారం. పొడి మారింది. ఇన్నాళ్ళూ ఇంట్లో ఉన్నది ఎనభైకి ఇరవై, అంటే కాఫీ 80 పాళ్ళు, చికోరీ 20. నిన్న తెచ్చిన ప్యాకెట్టు మీద 60, 40 అని ఉంది. ఈ అంకెలు ప్యాకెట్టు మీద తప్పనిసరిగా వేస్తారు, కాబట్టి కొనేముందే చూసుకోవచ్చు. కాఫీ సగానికి పైన, 51 శాతమైనా ఉండాలన్నది మన దేశంలో నియమం.

పొద్దున్నే ఒక గ్లాసు చల్లటి నీళ్ళ మీద చిటికెడు పొడి చల్లి చూశాను. కాఫీ రేణువులు పైనే తేలుతూ ఉంటే, చికోరీ రేణువులు వెనక గోధుమరంగు చార వదులుతూ గబగబా అడుక్కి దిగిపోయాయి. ఫిల్టరులో ఏం జరగబోతుందో అక్కడే తెలిసిపోతుంది. చికోరీ అంటే వేయించిన ఒక మొక్క వేరు. అందులో కెఫీన్ ఉండదు. కాఫీ కంటే చాలా ఎక్కువ భాగం నీళ్ళలో కరుగుతుంది, మిగిలింది మెత్తబడుతుంది. డికాషన్‌కి ఆ నల్లని రంగు, చిక్కదనం, కాస్త తియ్యదనంతో కలిసిన చేదు దానివల్లే వస్తాయి. పొడి పొరని బిగించి, నీళ్ళని నెమ్మదిగా దింపేదీ అదే. నీళ్ళు ఎక్కువసేపు నిలిస్తే కాఫీ సారం కూడా బాగా దిగుతుంది.

కానీ నలభై పాళ్ళ పొడికి పాత పద్ధతి పనికిరాదు. ఇద్దరికి రెండు పూటలకీ సరిపడే ఫిల్టరులో ఎనభై ఇరవై పొడైతే నిండుగా మూడు పెద్ద చెంచాలు వేసి, గొడుగులాంటి బిళ్ళతో కాస్త అదిమి, 120 మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తాం. కొత్త పొడిని అలాగే అదిమితే నాలుగు బొట్లు పడి ఆగిపోతుంది. అందుకని రెండున్నర చెంచాలే వేసి, పై గిన్నెని పక్కనుంచి తట్టి పొడిని సమం చేసి, బిళ్ళని ఊరికే ఆనించాను. నీళ్ళు తెర్లాక పొయ్యి కట్టేసి, అర నిమిషం ఆగి, ముందు పొడి తడిసేంత మాత్రమే పోసి, కాసేపటికి మిగతావి బిళ్ళ మీదుగా గుండ్రంగా పోశాను. మూత పెట్టేశాక ఇక కదపకూడదు. పావుగంటలో పూర్తిగా దిగింది.

అయిదు నిమిషాల్లోనే మొత్తం దిగిపోతే డికాషన్ పల్చన. పొడి బరకగానైనా ఉండి ఉంటుంది, బిళ్ళ వదులుగానైనా ఉండి ఉంటుంది. అసలు దిగకపోతే చాలామంది పై గిన్నెని గట్టిగా కొడతారు. దానివల్ల సన్నపొడి రంధ్రాల్లోకి ఇంకా కూరుకుపోతుంది. పై గిన్నెని కొద్దిగా ఎత్తి మళ్ళీ పెట్టండి. రెండు గిన్నెలూ మరీ బిగుతుగా కూర్చుంటే కింద గాలికి దారి ఉండదు, ఎత్తగానే బొట్లు మొదలవుతాయి. అప్పటికీ రాకపోతే రంధ్రాలు మూసుకున్నట్టే. ఖాళీ గిన్నెని వెలుతురుకి పట్టి చూస్తే ఎక్కడెక్కడ మూసుకున్నాయో కనిపిస్తుంది. సన్నని సూదితో పొడిచి, వేడినీళ్ళతో కడిగితే చాలు.

రుచి మాటకొస్తే, పాలు ఎక్కువ పోసుకునేవాళ్ళకి ఈ పొడి బాగుంటుంది, ఎన్ని పాలు పోసినా రంగు తగ్గదు. నాకు మాత్రం కాఫీ వాసన వెనకబడినట్టే అనిపించింది. రంగు చూసి స్ట్రాంగ్ అనుకుంటాం గానీ, కెఫీన్ పాత పొడిలోనే ఎక్కువ. రేపటినుంచి దీంట్లో చికోరీ లేని పొడి సమానంగా కలుపుతాను. అప్పుడు 80, 20 అవుతుంది, చెంచాలు మళ్ళీ మూడు.